బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు మోకాలి నొప్పికి మందు ఎలా వాడాలి

మద్రాసులో ఏదో ఒక మందుల షాపు ముందు నిలబడి "మూట్టు వలి" అని చెప్పి చూడండి. అంటే కీళ్ళ నొప్పి. రెండు నిమిషాల్లో చిన్న కాగితం కవరులో కత్తిరించిన మాత్రలు నాలుగైదు చేతిలో పడతాయి. "సాప్పిట్టు పోడుంగ" అంటాడు కుర్రాడు, అన్నం తిన్నాక వేసుకోమని. మీకు బీపీ ఉందా, దానికి ఏం వాడుతున్నారు అని అడిగేవాళ్ళు తక్కువ. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

కోడంబాక్కం దగ్గర చిన్న క్లినిక్ నాది. వచ్చేవాళ్ళలో సగంమంది నెల్లూరు, గూడూరు వైపువాళ్ళే. పోయినేడాది ఏప్రిల్‌లో మా పిన్ని కూడా ఊరినుంచి వచ్చి సాలిగ్రామంలో కూతురింట్లో దిగింది. అరవై ఆరేళ్ళు. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వారం తిరక్కముందే రెండు మోకాళ్ళూ పట్టేశాయి. నాకు చెబితే టెస్టులంటానని భయపడి, కింద షాపులో అసిక్లోఫెనాక్, పారసిటమాల్ కలిసిన మాత్రలు మూడు షీట్లు తెప్పించుకుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నొప్పి నిజంగానే తగ్గింది. అందుకే మానలేదు.

మూడో వారంలో పెళ్ళి భోజనం తిని రెండు రోజులు విరోచనాలు పట్టుకున్నాయి. అప్పుడూ మాత్రలు ఆపలేదు, బీపీ మాత్రా ఆపలేదు. పైగా బాత్‌రూముకి లేచినప్పుడల్లా మోకాళ్ళు నొప్పి అని నీళ్ళు తాగడమే తగ్గించేసింది. బయట కత్తిరి ఎండ. నాలుగో రోజుకి పాదాలు ఉబ్బాయి, ఒంటేలు చాలా తక్కువైంది. "ఏం లేదు నాయనా, ఎండకి వాచినట్టుంది" అని ఫోనులో చెప్పింది. టెస్టు చేయిస్తే, కిడ్నీ ఎలా వడపోస్తోందో చెప్పే క్రియాటినిన్ 2.1, పొటాషియం 5.8, రెండూ ఎక్కువే. ఊళ్ళో ఆర్నెల్ల క్రితం చేయించిన క్రియాటినిన్ 1.1.

ఇలాంటిది మీ ఇంట్లో జరగకుండా ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు మాత్రలన్నీ బయట పెట్టండి

ఇంట్లో ఆ మనిషి వాడే మాత్రలన్నీ, గ్యాసు మాత్రతో సహా, మంచం మీద పరవండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. దాని కిందో, షీటు వెనకో చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. కనబడకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, పైరాక్సికామ్, కీటోరోలాక్, నిమెసులైడ్, ఇటోరికాక్సిబ్. ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిలో ఏ రెండూ ఒకే రోజు వేసుకోకూడదు. పంటి డాక్టరు రాసిన కీటోరోలాక్, నడుముకని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ కలిసేది ఇక్కడే. పారసిటమాల్ ఈ కుటుంబం కాదు. కానీ చాలా నొప్పి మాత్రల్లో అది 325 మిల్లీగ్రాములు కలిసి ఉంటుంది కాబట్టి, జ్వరానికి విడిగా 650 వేసుకునేటప్పుడు రెండూ కలిపి లెక్క చూసుకోవాలి. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి మూడు గ్రాములు దాటనివ్వను.

ఇక బీపీ మాత్ర. పేరు చివర "సార్టాన్" ఉందా చూడండి: టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్. లేదా "ప్రిల్" ఉందా: ఎనలాప్రిల్, రామిప్రిల్. తర్వాత, ఒంట్లో నీరు తీసే మందు కలిసి ఉందా చూడండి: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్. చాలాసార్లు ఈ రెండూ ఒకే మాత్రలో ఉంటాయి, కంపెనీ పెట్టుకున్న పేరు చివర "హెచ్" అని ఒక్క అక్షరం మాత్రమే తేడా. పిన్ని మాత్ర అదే, టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5. ఆమె దృష్టిలో అది ఒక్క బీపీ మాత్ర, నా లెక్కలో రెండు మందులు. నొప్పి మాత్రతో కలిపితే మూడు.

కాగితం కవరులో పేరు లేకుండా కత్తిరించి ఇచ్చిన మాత్రల్ని అసలు వేసుకోవద్దు. ఆ "సెట్"లో ఒక్కోసారి ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోవడానికి కారణం అదే. స్టెరాయిడ్‌కి నొప్పి మాత్ర తోడైతే కడుపులో పుండు పడే ప్రమాదం బాగా పెరుగుతుంది. పేరు కనబడే ముక్క ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే కవరు అక్కడే పెట్టి వచ్చేయండి.

మూడు మందులు కలిస్తే ఏమవుతుందంటే

మోకాలు వాచినప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. వాపుకీ, నొప్పికీ పెద్ద కారణం అవి. నొప్పి మాత్ర ఈ తయారీని ఆపుతుంది. ఆస్పిరిన్ పనిచేసేది ఇలాగేనని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. చిక్కేమిటంటే మాత్రకి మోకాలి అడ్రసు తెలియదు. ఒళ్ళంతా తిరుగుతుంది. కడుపు గోడ మీద జిగురు పొరని నిలబెట్టేవీ, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవీ ఇవే ప్రోస్టాగ్లాండిన్లు.

కిడ్నీని మన అపార్టుమెంటు మిద్దె మీది ట్యాంకు అనుకోండి. వచ్చే పైపు ఒకటి, పోయే పైపు ఒకటి. లోపల ఒత్తిడి సరిగా ఉంటేనే వడపోత జరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ రెండు పనులు చేస్తుంది: ప్రోస్టాగ్లాండిన్లతో వచ్చే పైపుని వెడల్పు చేస్తుంది, యాంజియోటెన్సిన్ అనే ఇంకో రసాయనంతో పోయే పైపుని బిగిస్తుంది. అలా ఒత్తిడిని కాపాడుకుంటుంది. నొప్పి మాత్ర మొదటి పనిని అడ్డుకుంటుంది. సార్టాన్ మాత్ర రెండో పనిని అడ్డుకుంటుంది. నీరు తీసే మందు సంపులోని నీళ్ళే తగ్గిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ మామూలు రోజుల్లో దీన్ని కూడా తట్టుకోవచ్చు. విరోచనాలు పట్టుకున్న రోజున, కత్తిరి ఎండలో, అరవై ఆరేళ్ళ కిడ్నీ తట్టుకోలేదు. ఈ దెబ్బ ఎక్కువగా మొదటి నెలలోనే తగులుతుంది. అందుకే "ఎప్పుడో ఏళ్ళ తరబడి వాడితే కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

బీపీకి అమ్లోడిపిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ ముప్పేట చిక్కు లేదు. అయితే నొప్పి మాత్ర బీపీని కొంచెం పైకి నెడుతుంది కాబట్టి వాళ్ళు కూడా బీపీ చూసుకోవాలి.

క్రియాటినిన్ చూడకుండా మొదలుపెట్టొద్దు

అరవై దాటినవాళ్ళూ, బీపీ, షుగరు ఉన్నవాళ్ళూ మొదటి మాత్ర వేసుకునే ముందు ఈ మధ్య చేయించిన క్రియాటినిన్ చేతిలో ఉండాలి. మూడు నెలలు దాటి ఉంటే మళ్ళీ చేయించండి. చిన్న ల్యాబులో కూడా చేస్తారు, పరగడుపున ఉండక్కర్లేదు.

రిపోర్టులో "1.2 వరకు నార్మల్" అని చూసి సంతోషపడొద్దు. ఆ అంకె కండ ఎంత ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. అరవై ఆరేళ్ళ ఆడమనిషికి క్రియాటినిన్ 1.1 అంటే, కిడ్నీ ఎంత వేగంగా వడపోస్తోందో చెప్పే eGFR లెక్కలో 55 వస్తుంది, అంటే 60 కంటే తక్కువ. పిన్ని రిపోర్టులో 1.1 పక్కన ఎర్ర గుర్తు ఏదీ లేదు. ఊళ్ళో కాంపౌండరు "అంతా బాగానే ఉందమ్మా" అన్నాడట. eGFR కూడా వేసి ఇవ్వమని ల్యాబులో అడగండి. వయసు, ఆడా మగా, క్రియాటినిన్ ఉంటే చాలు, లెక్క వచ్చేస్తుంది.

eGFR 30 కంటే తక్కువ ఉంటే ఈ నొప్పి మాత్రల కుటుంబంలో ఏ మాత్రా వద్దు. 30 నుంచి 60 మధ్య ఉంటే డాక్టరు చెప్పకుండా వద్దు. చెప్పినా కొద్ది రోజులే. పైన చెప్పిన సార్టాన్, నీరు తీసే మందు రెండూ వాడుతూ 60 లోపు ఉన్నవాళ్ళకి నేను నోటి మాత్ర రాయను.

మొదట జెల్, అదీ సరిపడా

మోకాలికి, చేతి వేళ్ళకి డైక్లోఫెనాక్ జెల్ మంచి మందు. చర్మం దగ్గరే ఉంటుంది కాబట్టి పైన రాస్తే మందు కీలుకి చేరుతుంది, రక్తంలోకి వెళ్ళేది మాత్రతో పోలిస్తే నూటికి ఆరు వంతులే. నడుముకి, తుంటికి ఇది అంతగా అందదు, ఆ కీళ్ళు లోతుగా ఉంటాయి.

జెల్ పనిచేయలేదు అనేవాళ్ళని నేను ఒకటే అడుగుతాను: ట్యూబు ఎన్నాళ్ళు వచ్చింది? "రెండు నెలలైనా ఇంకా ఉంది డాక్టరుగారూ" అంటారు. అంటే జెల్ వాడలేదన్నమాట. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండితే అర గ్రాము. ఒక మోకాలికి ఒకసారికి అలాంటివి నాలుగు కావాలి, రోజుకి మూడుసార్లు. లెక్కేస్తే రోజుకి ఆరు గ్రాములు, ముప్పై గ్రాముల ట్యూబు ఒక మోకాలికి ఐదు రోజులు. మోకాలి చిప్ప మీద ఒక్కచోటే కాకుండా చుట్టూ రాయాలి. గట్టిగా రుద్దక్కర్లేదు, పైన వేడి కాపడం పెట్టొద్దు, పుండు ఉన్నచోట వద్దు. వారం, పది రోజులు ఇలా వాడాక తగ్గిందా లేదా అని తేల్చుకోండి. జెల్ రాస్తున్న రోజుల్లో మాత్ర కూడా వేసుకుంటే జెల్ వాడిన లాభమంతా పోయినట్టే.

మాత్రే కావాలంటే

వాపుతో మోకాలు ఉన్నట్టుండి పట్టేసినప్పుడు మాత్ర అవసరం పడొచ్చు. పైన చెప్పిన చిక్కులు లేనివాళ్ళకి, డాక్టరుని అడిగాక, ఒక్క రకం, తక్కువ మోతాదు, ఐదు నుంచి ఏడు రోజులు. అసిక్లోఫెనాక్ అయితే 100 మిల్లీగ్రాములది రోజుకి రెండు, అంతకు మించి లేదు. డైక్లోఫెనాక్ రోజంతా కలిపి 150 దాటకూడదు.

ఒక మాత్రకి తగ్గకపోతే రెండు వేసుకోవడం మన అలవాటు. ఈ మందుల్లో నొప్పి తగ్గించే గుణం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. ఆ హద్దు దాటాక మోతాదు పెంచితే పెరిగేది కడుపుకీ, కిడ్నీకీ ప్రమాదం మాత్రమే. నాలుగైదు రోజుల్లో ఏ మార్పూ లేకపోతే ఆ మందు మీకు పడలేదు, ఆపి చూపించుకోండి.

కడుపు సంగతి. "అన్నం తిని వేసుకుంటే ఏం కాదు" అన్నది సగం నిజమే. అన్నంతో వేసుకుంటే మంట తగ్గుతుంది, పుండు పడకుండా ఆగదు. ఎందుకంటే మాత్ర గోడకి తగలడం ఒక్కటే కారణం కాదు, రక్తంలో కలిసి తిరిగొచ్చి ఆ జిగురు పొరని పలచన చేస్తుంది. ఇంజెక్షన్ చేయించుకుంటే కడుపుకి పట్టదు అనే నమ్మకం కూడా ఇందుకే తప్పు. చప్పరించే మాత్రా, గులాబి రంగు మందూ మంటకే పనికొస్తాయి. అరవై ఐదు దాటినవాళ్ళు, ముందు అల్సర్ వచ్చినవాళ్ళు, గుండెకి ఆస్పిరిన్ గానీ రక్తం పలచన చేసే మందు గానీ, స్టెరాయిడ్ గానీ వాడేవాళ్ళు నొప్పి మాత్ర వాడినన్నాళ్ళూ పాంటాప్రజోల్ 40 లేదా ఓమెప్రజోల్ 20 అనే గ్యాసు మాత్ర రోజూ పొద్దున టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి. ఇది అన్నం తర్వాత కాదు, ముందు. కడుపు పైభాగాన్ని ఇది బాగానే కాపాడుతుంది. కిడ్నీకి మాత్రం ఏ సాయమూ చేయదు. పిన్ని గ్యాసు మాత్ర కూడా వేసుకుంది పాపం, రెండూ కలిపితే అంతా భద్రమే అనుకుంది.

ఇటోరికాక్సిబ్ "కొత్త రకం, కడుపుకి మంచిది" అని అమ్ముతారు. కడుపుకి కొంత మేలే. కానీ అది ఆపే ఎంజైము, కాక్స్-2, కిడ్నీలో మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, కాబట్టి కిడ్నీకి అది పాతవాటిలాంటిదే. పైగా బీపీని ఎక్కువ పెంచుతుంది. బీపీ 140/90 కిందికి దిగని వాళ్ళకి ఇది ఇవ్వకూడదు. గుండెపోటు వచ్చినవాళ్ళకి, స్టెంటు వేసినవాళ్ళకి ఇదీ వద్దు, డైక్లోఫెనాకూ వద్దు.

ఒక పిట్టకథ. మన దేశంలో రాబందులు దాదాపు అంతరించిపోవడానికి కారణం పశువులకి వేసిన డైక్లోఫెనాక్. చచ్చిన పశువుని తిన్న రాబందుల కిడ్నీలు పాడై అవి చచ్చిపోయేవి. 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. రాబందు కిడ్నీ వేరు, మన కిడ్నీ వేరు, పోలిక అంతవరకే.

ఆపాల్సిన రోజులు

ఈ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకోండి: వాంతులు, విరోచనాలు, నీళ్ళు తాగలేనంత జ్వరం, ఎండలో పడి వచ్చి తల తిరగడం. వీటిలో ఏది వచ్చినా నొప్పి మాత్ర ఆ పూటే ఆపేయాలి. ఇందుకు ఎవర్నీ అడగక్కర్లేదు. సార్టాన్, నీరు తీసే మందు ఆపాలా అన్నది మాత్రం డాక్టరుకి ఫోను చేసి అడగండి, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి వాటిని సొంతంగా ఆపితే అదో తిప్పలు. తిండీ నీళ్ళూ మామూలుగా సాగి రెండు రోజులయ్యేదాకా నొప్పి మాత్ర మళ్ళీ మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు గమనించాల్సినవి. కడుపులో పుండు చాలాసార్లు నొప్పి పుట్టించదు, ఎందుకంటే మింగేది నొప్పి మాత్రే కదా. మొదట కనబడేది మలం. తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేని చెడు వాసనతో ఉంటే అది లోపల కారిన రక్తం. ఐరన్ మాత్ర వేసుకున్నా నల్లగానే వస్తుంది, కానీ అది గట్టిగా ఉంటుంది, తారులా సాగదు. తేడా తెలియకపోతే తెలుసుకునే ప్రయత్నం ఇంట్లో చేయొద్దు. తారులాంటి మలానికి తోడు చెమటలు, కళ్ళు తిరగడం ఉంటే రాత్రయినా సరే 108కి ఫోను చేయండి.

కిడ్నీ ఇంకా నిశ్శబ్దం. వారంలో రెండు కిలోలు పెరగడం, చెప్పు పట్టీ ముద్ర పాదం మీద దిగబడటం, ఒంటేలు తగ్గడం, అదుపులో ఉన్న బీపీ కారణం లేకుండా పెరగడం చూడండి. ఇవేవీ లేకుండా కూడా క్రియాటినిన్ పెరగొచ్చు. అందుకే సార్టాన్ వాడేవాళ్ళకి నొప్పి మాత్ర తప్పనిసరై రాస్తే, మొదలుపెట్టిన వారం నుంచి పది రోజుల మధ్య క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చేయిస్తాను. ముందున్న అంకెకి ఒకటిన్నర రెట్లు దాటితే అది కిడ్నీ దెబ్బతిన్నట్టే. 1.1 ఉన్న మనిషికి 1.65 చాలు, రెండు దాటే వరకు ఎదురు చూడక్కర్లేదు.

పిన్ని విషయంలో అన్నీ ఆపేశాం, నొప్పి మాత్రా, బీపీ మాత్రా. ఆస్పత్రిలో మూడు రోజులు సెలైను. చూడటానికి వచ్చినవాళ్ళంతా చేతిలో ఇళనీరు పట్టుకొచ్చారు, మామూలుగా అయితే మంచిదే. కానీ కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియమే, ఆమెకి అప్పటికే 5.8. ఆ బోండాలన్నీ నర్సులు తాగారు. రెండు వారాలకి క్రియాటినిన్ 1.2కి దిగింది. బీపీకి అమ్లోడిపిన్ మీద కొన్నాళ్ళు ఉంచి, తర్వాత టెల్మిసార్టాన్ ఒక్కటి, నీరు తీసే మందు లేకుండా, మళ్ళీ మొదలుపెట్టాం.

ఇప్పుడు eGFR 50 దగ్గర ఉంది, కాబట్టి ఆమెకి నోటి మాత్ర తలుపు మూసేసినట్టే. కుడి మోకాలికి ఎక్కువ నొప్పి కాబట్టి కర్ర ఎడమ చేత్తో పట్టుకుంటుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. బాగా నొప్పిగా ఉన్న రోజున పారసిటమాల్ 650, దానితో పెద్దగా తగ్గదని ఆమే అంటుంది. జెల్ మాత్రం లెక్క ప్రకారం వాడుతుంది. నెలకి పన్నెండు ట్యూబులు రెండు మోకాళ్ళకి. "మాత్రలకి అయ్యేదానికంటే మూడింతలవుతోంది నాయనా, మీ చెల్లెలు ముఖం మాడ్చుకుంటోంది" అని మొన్న ఫిర్యాదు చేసింది. ప్రతిరోజూ కాకుండా నొప్పి పెరిగిన వారాల్లోనే రాయమన్నాను, ఇప్పుడు నెలకి ఐదారు ట్యూబులతో సరిపోతోంది.